ఈపాటికి బయల్దేరే ఉంటాడు: స్పానిష్‌లో భవిష్యత్ క్రియ చేసే పని

మాడ్రిడ్‌లో రాత్రి భోజనాలు చాలా ఇళ్లలో తొమ్మిది దాటాకే మొదలవుతాయి. అలాంటి ఓ ఇంట్లో ఐదుగురు స్నేహితులు బల్ల చుట్టూ కూర్చున్నారనుకుందాం. ఆరో మనిషి ఇంకా రాలేదు. తొమ్మిదిన్నర దాటింది. ఇంటావిడ గుమ్మం వైపు చూసి “దోందే ఎస్తరా?” అంటుంది. ఒకతను “ఎస్తరా ఎన్ ఎల్ మెత్రో” అంటాడు. ఇంకొకామె “సే అబ్రా దొర్మీదో” అంటుంది. మూడో మనిషి ఫోన్ చేతిలోకి తీసుకుని “బోయ్ ఆ యమార్” అంటాడు.

స్పానిష్‌ని ఇంగ్లిష్ పుస్తకంలో నేర్చుకున్న విద్యార్థి ఈ నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోతాడు. ‘ఎస్తరా’, ‘అబ్రా’ రెండూ భవిష్యత్ కాలపు క్రియలని అతను బట్టీ పట్టాడు. మరి ఇక్కడెవరూ రేపటి సంగతి మాట్లాడటం లేదే! ఆవిడ అడిగింది ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడని. మెట్రో రైలు సంగతీ ఇప్పటిదే. దొర్మీదో అన్న వాక్యమైతే జరిగిపోయిన దాని గురించి. నిజంగా ఇక ముందు జరగబోయేది ఒక్క ఫోన్ చెయ్యడమే. ఆ ఒక్క చోటే భవిష్యత్ క్రియ వాడలేదు, ‘వెళ్లు’ అన్న అర్థం ఉన్న మాటతో పని కానిచ్చారు.

అదే సంభాషణని తెలుగులో పెడితే తికమక ఉండదు. “ఎక్కడుంటాడబ్బా?” “మెట్రోలో ఉంటాడు.” “నిద్రపోయి ఉంటాడు.” “ఉండు, ఫోన్ చెయ్యబోతున్నా.” మనం ‘ఉంటాడు’ అన్నప్పుడు రేపటి గురించి అనడం లేదని తెలుగు పిల్లాడికి కూడా తెలుసు. ఇంగ్లిష్ మెట్టెక్కి స్పానిష్‌లోకి దిగేవాళ్లకి కష్టమనిపించే ఈ వాడుక తెలుగు నుంచి నేరుగా వెళ్లేవాళ్లకి ఇంట్లో ఉన్నంత సులువు. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో స్పానిష్ చదివే విద్యార్థులకైనా, టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో పక్కింటివాళ్ల స్పానిష్ రోజూ చెవినపడే మనవాళ్లకైనా ఈ సంగతి ముందే చెబితే చాలా శ్రమ తప్పుతుంది. పాఠాల్లో మాత్రం దీన్ని చివర్లో, ఒక ‘ప్రత్యేక ప్రయోగం’ అన్నట్టు చెప్పి వదిలేయడం తరచూ కనిపిస్తుంది. అది సరైన వరస కాదు. మాట్లాడే స్పానిష్‌లో, ముఖ్యంగా లాటిన్ అమెరికాలో, ఈ క్రియకి ఎక్కువ పని పడేది ఇక్కడే.

ముందుగా దాని తయారీ చూద్దాం. స్పానిష్‌లో హల్లు ‘హెచ్’ పలకదు, ‘వి’ని ‘బ’ లాగే పలుకుతారు. ఈ రెండూ గుర్తుంటే కింది మాటలు చదవడం తేలిక. మాట్లాడటాన్ని ‘అబ్లార్’ అంటారు. ఇది క్రియ అసలు రూపం. భవిష్యత్ కావాలంటే దీన్ని విరగ్గొట్టకుండా, చివర ఒక తోక తగిలిస్తే సరి: అబ్లరే (మాట్లాడతాను), అబ్లరాస్ (మాట్లాడతావు), అబ్లరా (మాట్లాడతాడు), అబ్లరేమోస్, అబ్లరేయిస్, అబ్లరాన్. స్పానిష్ క్రియలు మూడు కుటుంబాలుగా ఉంటాయి, చాలా కాలాల్లో కుటుంబాన్ని బట్టి తోకల వరస మారుతుంది. ఈ కాలంలో మాత్రం మూడింటికీ ఒకటే వరస. తినడం ‘కొమేర్’ అయితే కొమెరే, బతకడం ‘బిబీర్’ అయితే బిబిరే.

ఇంత సులువుగా ఎందుకుందంటే, ఆ తోకలు ఒకప్పుడు తోకలు కావు, విడి క్రియ. రోమన్ల లాటిన్‌లో భవిష్యత్తుకి వేరే రూపాలుండేవి. ‘పాడతాడు’ అనడానికి ‘కంతాబిత్’, ‘పాడాడు’ అనడానికి ‘కంతావిత్’ అనేవారు. కాలం గడిచేకొద్దీ జనం నోట్లో రెండు స్వరాల మధ్య బ, వ కలిసిపోయాయి. పాడేశాడో, ఇక పాడతాడో వినేవాడికి తెలియని పరిస్థితి వచ్చింది. దాంతో మాట్లాడేవాళ్లు వేరే దారి పట్టారు. అసలు క్రియ పక్కన ‘అబేర్’ (కలిగి ఉండు) అన్న క్రియ వర్తమాన రూపాన్ని పెట్టడం మొదలుపెట్టారు. ‘పాడవలసి ఉంది’ అన్నట్టు. ఆ అబేర్ రూపాలు నేటి స్పానిష్‌లో ఎ, అస్, అ, ఎమోస్, అబేయిస్, అన్. అబ్లరే, అబ్లరాస్, అబ్లరా పక్కన పెట్టి చూస్తే అతుకు ఎక్కడుందో ఇప్పటికీ కనిపిస్తుంది.

1492లో ఆంతోనియో దె నెబ్రిహా రాసిన కాస్తిలియన్ వ్యాకరణం ఐరోపా వాడుక భాషలకి అచ్చయిన తొలి వ్యాకరణాల్లో ఒకటి. ఈ భవిష్యత్ రూపం అసలు క్రియకీ అబేర్‌కీ కలయిక అని ఆయన అప్పుడే గుర్తించాడు. ఆయన చెవికి అది ఆనవాలుగా మిగిలి ఉండటానికి కారణం ఉంది. ఆ రోజుల స్పానిష్‌లో రెండు ముక్కల మధ్య ఇంకో మాట దూరగలిగేది. ‘దాన్ని ఇస్తాను’ అనడానికి ‘దార్ లో ఎ’ అనడం మధ్యయుగపు రాతల్లో మామూలే. పొరుగున ఉన్న పోర్చుగీసులో పద్ధతి ప్రకారం రాసే రచనల్లో ఇలా మధ్యలో దూర్చే అలవాటు ఇంకా బతికే ఉంది. స్పానిష్‌లో ఆ అతుకు గట్టిగా అంటుకుపోయింది. మిగిలిన గుర్తు ఒకటే: ఊనిక ఎప్పుడూ తోక మీదే పడుతుంది, కొమెరే అన్నప్పుడు చివరి ‘రే’ గట్టిగా వినిపిస్తుంది.

పన్నెండు క్రియల దగ్గర మాత్రం ఈ అతుకు కొంచెం నలిగింది. రోజూ వాడే మాటలు కదా, అరిగాయి. ‘తెనేర్’ (కలిగి ఉండు) నుంచి తెనెరే రావాలి. మధ్య అచ్చు జారిపోయి న, ర పక్కపక్కకి వచ్చాయి. వాటిని ఒకేసారి పలకబోతే మధ్యలో ‘ద’ పుట్టుకొచ్చింది, ‘తెంద్రే’ అయింది. ‘బెనీర్’ (రావడం) బెంద్రే అయిందీ, ‘సలీర్’ (బయల్దేరడం) సల్ద్రే అయిందీ ఇలాగే. ‘అసేర్’ (చెయ్యడం), ‘దెసీర్’ (చెప్పడం) ఇంకా కుదించుకుని అరే, దిరే అయ్యాయి. తోకలు మాత్రం వీటికీ అవే.

రెండో దారి, ‘వెళ్లు’ క్రియతో చెప్పేది. ‘ఈర్’ అంటే వెళ్లడం. దాని వర్తమాన రూపాలు బోయ్, బాస్, బా, బామోస్, బాయిస్, బాన్. వాటి తర్వాత ‘ఆ’ అనే చిన్న మాట, ఆ తర్వాత అసలు క్రియ. ‘బోయ్ ఆ కొమేర్’ అంటే తినబోతున్నాను.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం నిలబడాలి. మన ‘తినబోతున్నాను’లో ‘బోతు’ ఎక్కడిది? తినన్ అన్న తుమున్నర్థకం పక్కన ‘పోవు’ చేరి, సంధిలో ప బ అయింది. అంటే మనమూ ‘పోవడం’తోనే రాబోయేదాన్ని చెబుతున్నాం. రెండు భాషలకీ చుట్టరికం లేదు. అయినా మనుషులు ఒకే దారిలో నడిచారు. అడుగు వేసి ఒక పనికి వెళ్తున్నప్పుడు ఆ పని ముందుంటుంది. ‘బోయ్ ఆ కొంప్రార్ పాన్’ అంటే మొదట్లో బ్రెడ్ కొనడానికి నడిచి వెళ్తున్నాననే అర్థం. క్రమంగా నడక పోయి ఉద్దేశం మిగిలింది. నడక పూర్తిగా పోయిందనడానికి రుజువు ‘బా ఆ యొబేర్’, అంటే వాన పడబోతోంది. వాన ఎక్కడికీ నడిచి వెళ్లదు.

గతంలోనూ పోలిక చెడదు. స్పానిష్‌లో “ఈబా ఆ యమార్తే” అంటే ‘నీకు ఫోన్ చెయ్యబోయాను, ఇంతలో నువ్వే చేశావు’ అన్న సందర్భానికి సరిపోయే మాట. మన ‘చెయ్యబోయాను’ కూడా పని జరగలేదనే సూచన ఇస్తుంది. తేడా ఒక్కటుంది. మన ‘బోతు’కి పని దగ్గర్లోనే ఉందన్న రంగు కొంత గట్టిగా అంటింది. స్పానిష్ వాడుకకి అంత హద్దు లేదు. పదేళ్ల తర్వాత కట్టుకునే ఇంటి గురించి కూడా హాయిగా ‘బోయ్ ఆ’ అంటారు.

ఈ దారిలో రాతలో ఒక పొరపాటు స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకే తరచూ జరుగుతుంది. ‘ఉండబోతోంది’ అనడానికి ‘బా ఆ అబేర్’ అని మూడు మాటలు. నోటితో అన్నప్పుడు మూడు ‘అ’లు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ‘బాబేర్’ అన్నట్టే వినిపిస్తుంది. దాంతో రాసేటప్పుడు మధ్యలో ‘ఆ’ ఎగిరిపోతుంది. బడుల్లో పంతుళ్లు ఎర్ర సిరాతో ఆ ఒక్క అక్షరాన్ని తిరిగి రాస్తూనే ఉంటారు. ‘బామోస్ ఆ’కి ఇంకో పని కూడా ఉంది. ‘బామోస్ ఆ కొమేర్’ అంటే తినబోతున్నామనీ కావచ్చు, పదండి తిందామనీ కావచ్చు. మాట స్వరం, సందర్భం చూసి తేల్చుకోవాలి.

ఇప్పుడు రెండు దార్లలో ఏది ఎప్పుడన్నది ప్రశ్న. మెక్సికోలోనో కొలంబియాలోనో రోజువారీ మాటల్లో రాబోయే పనికి ‘ఈర్ ఆ’దే రాజ్యం. స్పెయిన్‌లో తోక రూపానికి ఇంకా కొంత చోటుంది, మాట ఇవ్వడంలో, దూరపు ఊహల్లో అది వినిపిస్తుంది. వాతావరణ సూచన, చట్టం, ప్రభుత్వ ప్రకటన, పత్రికలో వార్త వంటి వాటిలో ఏ దేశంలోనైనా తోక రూపమే నిలబడుతుంది. పది ఆజ్ఞలని స్పానిష్‌లో చెప్పేది కూడా దాంతోనే. ఇక సమయం ఖాయమైపోయిన పనికి రెండూ అక్కర్లేదు, వర్తమానమే చాలు. రేపు ఊరెళ్తున్నానని మనం అన్నట్టే వాళ్లూ ‘మన్యానా బియాహో’ అంటారు.

అంటే రాబోయేదాన్ని చెప్పడానికి మాట్లాడే భాషలో వేరే రెండు సాధనాలున్నాయి. తోక రూపం ఖాళీగా కూర్చోలేదు. దాని చేతిలో ఎప్పటినుంచో ఇంకో పని ఉంది. రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, రేపటి క్రియలో ‘నేను చూసి చెప్పడం లేదు’ అన్న భావం మొదటినుంచీ ఉంది. కాలాన్ని పక్కనపెట్టి ఆ భావాన్ని మాత్రం తీసుకుంటే అది ఇప్పటి సంగతులకీ సరిపోతుంది. స్పానిష్ వ్యాకరణకర్తలు దీన్ని ఊహార్థక భవిష్యత్తు అన్న అర్థంలో పిలుస్తారు.

మళ్లీ ఆ బల్ల దగ్గరికి వద్దాం. “ఎస్తా ఎన్ ఎల్ మెత్రో” అని ఎవరైనా అంటే వాళ్లకి సమాచారం ఉంది, ఇందాకే సందేశం వచ్చింది లేదా మాట్లాడారు. “ఎస్తరా ఎన్ ఎల్ మెత్రో” అంటే సమాచారం లేదు, లెక్క ఉంది. ఇంటినుంచి తొమ్మిదికి బయల్దేరే మనిషి, దారి ముప్పావుగంట, కాబట్టి మెట్రోలో ఉంటాడు. ఫోన్ కలిసి, అవతల నిద్రమత్తు గొంతు వినిపించిందనుకోండి. ఆ క్షణం నుంచి ఎవరూ ‘అబ్రా దొర్మీదో’ అనరు. ఫోన్ పట్టుకున్నవాడు మిగతావాళ్లకి “సే ఆ దొర్మీదో” అని చెబుతాడు, నిద్రపోయాడట. తెలిసిన సంగతికి ఊహ రూపం వాడితే వినేవాళ్లు ‘నీకు తెలియదా?’ అన్నట్టు చూస్తారు. మనమూ అంతే. ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాణ్ణి చూపించి ‘ఇక్కడుంటాడు’ అనం.

‘ఈర్ ఆ’ మామూలుగా ఈ పని చెయ్యదు. ‘బా ఆ ఎస్తార్ ఎన్ కాసా’ అంటే ఇంట్లో ఉండబోతున్నాడనే, ముందు సంగతే. ఇప్పుడు ఇంట్లో ఉన్నాడేమో అన్న ఊహ కావాలంటే తోక రూపమే పట్టుకోవాలి.

మరి ఒక తోక రూపం వినిపించినప్పుడు అది రేపటి గురించో ఇప్పటి గురించో ఎలా తెలుస్తుంది? ‘మన్యానా’ లాంటి కాలం మాట పక్కనుంటే తేలిపోతుంది. లేనప్పుడు క్రియ స్వభావం చూడాలి. ఉండటం, కలిగి ఉండటం, తెలియడం, కావాలనుకోవడం లాంటి స్థితిని చెప్పే క్రియలైతే ఊహ అర్థం ముందు వస్తుంది. ‘తెంద్రా త్రెయింతా ఆన్యోస్’ అంటే ఆయనకి ముప్పై ఏళ్లుంటాయి. ఎప్పుడో ముప్పై నిండుతాయని కాదు, మనిషిని చూసి వేసిన అంచనా. పని చెప్పే క్రియలైతే మామూలుగా ముందు సంగతే. ‘కొమెరా’ అంటే తింటాడని. ఇప్పుడు తింటూ ఉంటాడని ఊహించాలంటే ‘ఎస్తరా కొమియెందో’ అనాలి, అంటే ‘తింటూ’ అన్న రూపం పక్కన ‘ఉంటాడు’ని తెచ్చుకోవాలి. తెలుగు కూడా అచ్చంగా ఇదే చేస్తోంది, ‘తింటూ ఉంటాడు’.

ప్రశ్నలో ఈ రూపం ఇంకా అందంగా పనిచేస్తుంది. ‘కే ఓరా ఎస్?’ అని అడిగితే టైమెంతో చెప్పమని. ‘కే ఓరా సెరా?’ అంటే టైమెంతయి ఉంటుందో అని. రెండో దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. గదిలో గడియారం లేదని అడిగేవాడికీ తెలుసు. తలుపు తట్టిన చప్పుడైతే ఇంట్లోవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ‘కియేన్ సెరా?’ అంటారు, ఎవరై ఉంటారు అని. తలుపు దగ్గరకి వెళ్లి అవతలి మనిషిని అడిగేటప్పుడు మాత్రం ‘కియేన్ ఎస్?’

ఎదుటి మనిషి గురించి ఊహిస్తే అందులో ఆప్యాయత వస్తుంది. దూరప్రయాణం చేసి వచ్చిన చుట్టాన్ని ‘ఎస్తరాస్ కన్సాదా’ అని పలకరిస్తారు. ‘అలిసిపోయి ఉంటావు’ అనే మన పలకరింపుకి ఇంత దగ్గరి జవాబు ఐరోపా భాషల్లో దొరకడం మనసుకి హాయిగా ఉంటుంది. తన గురించి తాను ఊహించుకోవడం అరుదు, తన సంగతి తనకి తెలుసు కాబట్టి. కానీ మతిమరుపు వచ్చినప్పుడు తప్పదు. తాళాలు కనపడక ఇల్లంతా వెతుకుతున్నవాడు ‘దోందే అబ్రే దెహాదో లాస్ యాబేస్?’ అనుకుంటాడు, తాళాలు ఎక్కడ పెట్టి ఉంటాను అని.

ఇంకో వాడుక ఒప్పుకుంటూనే తోసిపుచ్చడం. ‘తెంద్రా దినేరో, పేరో...’ అని మొదలుపెడితే, డబ్బుంటే ఉండొచ్చు గానీ అని. తర్వాత వచ్చేది ఎప్పుడూ మెచ్చుకోలు కాదు. ఇక్కడ డబ్బుందో లేదో అన్న సందేహం మాట్లాడేవాడికి నిజంగా ఉండక్కర్లేదు. ఎదుటివాడు అన్న మాటని ‘సరే, నీ మాటే’ అని పక్కన పెట్టి తన మాట ముందుకు తెస్తున్నాడు.

ఇంతవరకూ తెలుగు చెయ్యి పట్టుకుని నడిపించింది. రెండు చోట్ల మాత్రం వదిలిపెడుతుంది. మొదటిది అలవాటు. మన ‘లేస్తాడు’ రేపు లేవడానికీ, రోజూ లేవడానికీ ఒకటే. ‘రోజూ ఏడింటికి లేస్తాడు’ అన్న వాక్యాన్ని తోక రూపంలో పెడితే స్పానిష్ చెవికి అది ఇక నుంచి చెయ్యబోయే తీర్మానంలా వినిపిస్తుంది. అలవాటుకి అక్కడ వర్తమానమే, ‘సే లెబాంతా ఆ లాస్ సియేతే’.

రెండోది ఇంతకన్నా జారుడు చోటు. ఊహించేది పాత కాలం గురించైతే మన ‘ఉంటుంది’ మారదు. టైము మూడు కావచ్చని ఇప్పుడన్నా ‘మూడయి ఉంటుంది’, నిన్నటి సంగతి చెబుతూ అన్నా ‘అప్పుడు మూడయి ఉంటుంది’. స్పానిష్‌లో కాలం ఒక మెట్టు దిగుతుంది. ఇప్పటి ఊహకి ‘సెరాన్ లాస్ త్రెస్’, అప్పటి ఊహకి ‘సెరియాన్ లాస్ త్రెస్’. ఈ ‘ఇయా’ తోక కూడా అబేర్ నుంచే వచ్చింది, కాకపోతే దాని భూతకాలపు రూపం ‘అబియా’ నుంచి. అసలు క్రియకి వర్తమానపు అబేర్ అతికితే ఇప్పటి ఊహ, భూతకాలపు అబేర్ అతికితే అప్పటి ఊహ. అతుకు గుర్తున్నవాడికి దీన్ని వేరే సూత్రంగా నేర్చుకునే పని లేదు. జరిగి పూర్తయిపోయి, దాని ఫలితం ఇప్పుడు మన ముందున్నదైతే ‘అబ్రా’తో చెబుతారు, ‘అబ్రా సలీదో’ అంటే బయల్దేరి ఉంటాడు.

కాబట్టి ఆ ఆరో స్నేహితుడు చివరికి వచ్చి, తిని, వెళ్లాక, మర్నాడు ఆఫీసులో ఆ కథ చెప్పే ఇంటావిడ ‘సెరియాన్ లాస్ దియేస్ క్వాందో యెగో’ అంటుంది, అతను వచ్చేసరికి పదయి ఉంటుంది అని. అదే వాక్యాన్ని తెలుగు అలవాటుతో ‘సెరాన్ లాస్ దియేస్’ అని మొదలుపెడితే వినేవాళ్లు ఒకసారి గోడ గడియారం వైపు చూస్తారు. ఇప్పుడు టైమెంతయి ఉంటుందో చెబుతున్నారనుకుని.